ఐదు లక్షల పాలసీలో ఐదు వేల గీత

ఆరోగ్య బీమా పాలసీ మెయిల్లో వచ్చాక చాలా ఇళ్లలో చూసేది మొదటి పేజీ ఒక్కటే. పేర్లు సరిగ్గా పడ్డాయా, పుట్టిన తేదీలు కలిశాయా, బీమా మొత్తం ఐదు లక్షలని ఉందా అని చూసుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. మిగిలిన పేజీలు తెరుచుకునేది ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ ముందు నిలబడ్డ రోజున. అప్పటికి గది తీసుకోవడం అయిపోయింది, ఆపరేషన్ అయిపోయింది. ఆ పేజీలు చదివి మార్చుకోగలిగింది ఇక ఏమీ ఉండదు.

మొదటి పేజీలో ఉండేది కంపెనీ ఇవ్వగల గరిష్ఠ మొత్తం. అసలు ఇస్తుందా, ఎప్పటి నుంచి ఇస్తుంది, దేనికి ఎంతవరకు ఇస్తుంది, అందులో ఇంటివాళ్ల వాటా ఎంత అన్నవి లోపలి పేజీలు తేలుస్తాయి. ఈ నాలుగు ప్రశ్నలకూ పాలసీ భాషలో వరుసగా నాలుగు పేర్లున్నాయి: మినహాయింపులు, వెయిటింగ్ పీరియడ్, సబ్‌లిమిట్, కో-పేమెంట్. ఒక్కొక్కటి విడిగా చూస్తే పెద్ద చిక్కేమీ కాదు. ఒకే బిల్లు మీద నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి పనిచేసినప్పుడు చివరి అంకె ఎలా మారుతుందో తెలియకపోవడమే కొంప ముంచుతుంది.

నేర్చుకోవడానికి అందరికీ అందుబాటులో ఉన్న పాలసీ ఒకటుంది: ఆరోగ్య సంజీవని. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీన్ని రూపొందించి, సాధారణ, ఆరోగ్య బీమా కంపెనీలు 2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరిగా అమ్మాలని చెప్పింది. ఏ కంపెనీ దగ్గర కొన్నా ప్రధాన షరతులు ఒకటే, ప్రీమియం మాత్రమే తేడా. పైగా ఈ నాలుగు రకాల షరతులూ ఇందులో ఉన్నాయి. దీన్ని ఒకసారి క్షుణ్ణంగా చదివితే వేరే పాలసీలో ఎక్కడ ఏం వెతకాలో చేతికి అలవాటవుతుంది.

ముందు చూడాల్సిన రెండు కాగితాలు

పాలసీ పత్రం అంటే నిజానికి నాలుగైదు కాగితాల కట్ట. మొదట షెడ్యూల్. అందులో పేర్లు, తేదీలు, బీమా మొత్తం, పాలసీ ఎప్పటి నుంచి తెగకుండా నడుస్తోందన్న తేదీ, కంపెనీ ఈ కుటుంబానికి ప్రత్యేకంగా పెట్టిన షరతులు ఉంటాయి. ఆ తర్వాత షరతుల పుస్తకం. వీటితోపాటు చాలామంది పక్కన పడేసే కాగితాలు రెండున్నాయి.

ఒకటి కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్. సబ్‌లిమిట్లు, వెయిటింగ్ పీరియడ్లు, మినహాయింపులు, కో-పే అన్నీ కొద్ది పేజీల్లో పట్టికగా వేసి, ప్రతిదాని పక్కన అది అసలు పాలసీలో ఏ క్లాజులో ఉందో నంబరు వేస్తారు. 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నమూనా ప్రకారం, పాలసీదారు కోరితే దీన్ని స్థానిక భాషలో ఇవ్వాలి. తెలుగులో కావాలని ఏజెంటుకో కంపెనీకో ఒక మెయిల్ పెడితే చాలు. అడిగేవాళ్లు తక్కువ కాబట్టే ఇది పెద్దగా వాడకంలోకి రాలేదు. ఇంట్లో పెద్దవాళ్ల పేరుమీద పాలసీ ఉంటే ఈ కాగితం తప్పకుండా తెలుగులో తెప్పించాలి. ఎందుకంటే ఆసుపత్రిలో ముందు సంతకం పెట్టేది వాళ్లే.

రెండోది ప్రపోజల్ ఫారం నకలు. పాలసీ కొనేటప్పుడు ‘బీపీ ఉందా, షుగర్ ఉందా, గతంలో ఆపరేషన్ ఏదైనా జరిగిందా’ అన్న ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు ఇందులో ఉంటాయి. పని త్వరగా అవ్వాలని ఏజెంటు అన్నిటికీ ‘లేదు’ అని టిక్ పెట్టి, ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి పంపేసి ఉండొచ్చు. చట్టం దృష్టిలో అవి పాలసీదారు జవాబులే. రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ ముందుగా తీసేది ఈ కాగితాన్నే. పాలసీ అందిన రోజు నుంచి 30 రోజుల వరకు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేసే హక్కు ఉంటుంది, దాన్నే ఫ్రీలుక్ అంటారు. అప్పటివరకు బీమా నడిచినందుకు, వైద్య పరీక్షలకు, స్టాంపు డ్యూటీకి అయిన ఖర్చు మినహాయించుకుని మిగతా ప్రీమియం తిరిగి ఇస్తారు. జవాబుల్లో తప్పుంటే ఆలోపే రాతపూర్వకంగా దిద్దించాలి. దాంతో ప్రీమియం పెరగవచ్చు, కంపెనీ కొత్త షరతు పెట్టవచ్చు. అయినా అదే మేలు.

నిజం చెప్పినవాళ్ల పక్షాన చట్టం ఎంత గట్టిగా నిలుస్తుందో 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చూపింది. 2009లో ఒకాయన అమెరికా వెళ్తూ విదేశీ ప్రయాణ ఆరోగ్య బీమా తీసుకున్నారు. తనకు షుగర్ ఉందని ముందే చెప్పారు, వైద్య పరీక్ష కూడా జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే గుండెపోటు వచ్చి స్టెంట్లు వేయాల్సి వచ్చింది. కొలెస్ట్రాల్ మందులు వాడుతున్న సంగతి దాచారంటూ కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చింది. ఉన్న జబ్బు సంగతి తెలిసి, పరీక్షించి పాలసీ ఇచ్చాక అదే జబ్బును కారణంగా చూపి కాదనడం కుదరదని కోర్టు స్పష్టం చేసింది. పిల్లల దగ్గరకు డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లే తల్లిదండ్రులకు బీమా తీసే ప్రతి తెలుగింటికీ ఈ తీర్పు సంబంధించిందే. ఆయన ఫారంలో షుగర్ దగ్గర ‘లేదు’ అని రాసి ఉంటే ఆ వాదన నిలిచేది కాదు.

మూడు గడియారాలు

వెయిటింగ్ పీరియడ్ అనగానే అందరూ ఒక్కటే అనుకుంటారు. పాలసీ మొదలైన రోజున మూడు గడియారాలు ఒకేసారి తిరగడం మొదలుపెడతాయి.

మొదటిది 30 రోజులది. ఈ నెల రోజుల్లో డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేరినా క్లెయిమ్ రాదు. ప్రమాదాలకు మాత్రం ఈ నిరీక్షణ వర్తించదు.

రెండోది ముందునుంచే ఉన్న జబ్బులది. పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో వైద్యుడు నిర్ధారించిన జబ్బు గానీ, ఆ కాలంలో వైద్య సలహా లేదా చికిత్స పొందిన జబ్బు గానీ ఏదైనా ఇందులోకి వస్తుంది. గతంలో దీనికి నాలుగేళ్ల వరకు ఆగాల్సి వచ్చేది. 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలకు తగ్గించారు. అయితే క్లాజు చివర్లో ఉన్న ఒక మాట చాలామంది కంటికి ఆనదు: ఆ జబ్బును దరఖాస్తులో చెప్పి, కంపెనీ అంగీకరించి ఉంటేనే గడువు తర్వాత కవరేజీ. చెప్పని జబ్బుకు మూడేళ్లు గడిచినా ఆ హామీ లేదు.

అన్నిటికన్నా ఎక్కువ మందిని దెబ్బతీసేది మూడోది. పాలసీలో కొన్ని జబ్బుల జాబితా వేసి, వాటికి నిర్ణీత కాలం దాకా డబ్బు ఇవ్వబోమని రాస్తారు. ఆరోగ్య సంజీవనిలో ఆ జాబితా ప్రకారం హెర్నియా, మొలలు, ఫిషర్, ఫిస్టులా, కంటి శుక్లం, గర్భసంచి తొలగింపు, ప్రోస్టేట్ వాపు, టాన్సిల్స్, సైనస్, వరికోస్ వెయిన్స్, మూత్రపిండాల్లో, పిత్తాశయంలో రాళ్లకు 24 నెలలు ఆగాలి. మోకీలు మార్పిడికి అంతకన్నా ఎక్కువ. మొదట్లో నాలుగేళ్లు ఉండేది, ఇప్పుడు 36 నెలలకు మించకూడదు. ప్రమాదం వల్ల కీలు మార్చాల్సి వస్తే ఈ ఆటంకం లేదు.

ఈ జాబితాలోని జబ్బు పాలసీ తీసుకున్నాక కొత్తగా వచ్చినా సరే, గడువు వర్తిస్తుంది. ‘మా ఆయనకు ముందెప్పుడూ లేదండీ, ఈ మధ్యే వచ్చింది’ అన్న వాదన ఇక్కడ పనిచేయదు. ముందునుంచే ఉన్న జబ్బు అదే జాబితాలోనూ ఉంటే, రెండు గడువుల్లో ఏది ఎక్కువైతే అది లెక్కలోకి వస్తుంది. పాలసీకి ఏడాది ముందు హెల్త్ చెకప్‌లో తీసిన స్కానింగులో పిత్తాశయంలో రాళ్లు కనబడ్డాయని అనుకుందాం. నొప్పి లేదని పట్టించుకోకపోయినా అది నిర్ధారణ అయిన జబ్బే. ఆ మనిషికి 24 నెలలు కాదు, 36 నెలలు.

బీమా మొత్తం పెంచుకున్నప్పుడు పెంచిన భాగానికి గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నాలుగేళ్లుగా మూడు లక్షల పాలసీ కడుతూ, నిరుడు పది లక్షలకు పెంచుకున్నవారికి ఇప్పుడు మోకీలు మార్పిడి చేయాల్సి వస్తే పాత మూడు లక్షలు, దానిపై కూడిన బోనస్ మాత్రమే అందుతాయి. కొత్తగా చేరిన ఏడు లక్షలకు ఏడాదే గడిచింది. అందుకే మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక పెంచుకోవడం కన్నా, వయసు యాభై దాటకముందే పెంచుకుంటే ఉపయోగం. వేరే కంపెనీకి పోర్ట్ చేసుకుంటే మాత్రం అప్పటికే ఆగిన కాలం లెక్కలోకి వస్తుంది, అదీ పాత బీమా మొత్తం వరకే.

ఇవన్నీ పాలసీ తెగకుండా నడిస్తేనే. ఏడాదికోసారి ప్రీమియం కట్టేవారికి గడువు దాటాక 30 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆలోపు కడితే గడియారాలు ఆగవు. అయితే మధ్యలో పాలసీ లేని ఆ రోజుల్లో వచ్చిన జబ్బుకు డబ్బు రాదు.

ఒక బిల్లు, నాలుగు కోతలు

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఖమ్మంలో కిరాణా దుకాణం నడిపే 52 ఏళ్ల ఆయనకు ఐదు లక్షల ఆరోగ్య సంజీవని ఉందనుకుందాం. షుగర్ ఉందని దరఖాస్తులో చెప్పారు. పదో నెలలో కడుపునొప్పి వచ్చి, పిత్తాశయంలో రాళ్లని తేలింది. అప్పుడే ఆపరేషన్ చేయించుకుంటే రూపాయి రాదు. వైద్యుడు ఆగవచ్చని చెప్పడంతో మూడో ఏడాదిలో హైదరాబాద్‌లో లాప్రోస్కోపీ చేయించుకున్నారు. 24 నెలలు దాటాయి కాబట్టి క్లెయిమ్‌కు దారి తెరుచుకుంది. ఇక్కడ ఒక మాట: నిరీక్షణ గడువు కోసం ఆపరేషన్ వాయిదా వేయడం డాక్టరు నిర్ణయం కావాలి. ఇన్ఫెక్షన్ సోకిన పిత్తాశయం నెలల తరబడి ఆగదు.

ఆసుపత్రిలో గది ఎంచుకునేటప్పుడు కౌంటర్లో ‘సింగిల్ రూమ్ 6,500 సార్, ఇన్సూరెన్స్ ఉందిగా’ అన్నారు. ఐదు లక్షల పాలసీ ఉంది, బిల్లు రెండు లక్షలకు కూడా చేరదు. ఇంకేం భయమని కొడుకు సరే అన్నాడు.

పాలసీలో ఉన్న షరతు ఇది: గది, భోజనం, నర్సింగ్ అన్నీ కలిపి రోజుకు బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా 5,000 రూపాయలు. ఐసీయూకైతే 5 శాతం, గరిష్ఠంగా 10,000. ఐదు లక్షల్లో 2 శాతం పదివేలు అవుతుంది కదా అని లెక్కేసినవాళ్లు ‘గరిష్ఠంగా’ అన్న మాటను వదిలేశారన్నమాట. రెండున్నర లక్షల పాలసీ దగ్గరే ఈ గీత 5,000కు చేరిపోతుంది. ఆపైన బీమా ఎంత పెంచినా గది పరిమితి ఒక్క రూపాయి పెరగదు. అంతేకాదు, కౌంటర్లో చెప్పిన 6,500లో నర్సింగ్ ఛార్జీ లేదు. అది రోజుకు మరో 1,500. కాబట్టి పాలసీ లెక్కలో ఆ గది ఖరీదు 8,000.

నాలుగు రోజులకు వచ్చిన బిల్లు 1,80,000. గది, నర్సింగ్ 32,000. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, డాక్టర్ల విజిట్లు 96,000. మందులు, ఆపరేషన్‌లో వాడే సామగ్రి 30,000. పరీక్షలు 14,000. చేతి గ్లవ్స్, మాస్కులు, డైపర్లు, అటెండెంట్ భోజనం వగైరా 8,000.

మొదటి కోత ఆ చివరి ఎనిమిది వేల మీద పడుతుంది. బీమా చెల్లించనక్కర్లేని వస్తువుల జాబితాను నియంత్రణ సంస్థే ఇచ్చింది, అది పాలసీ చివర్లో అనుబంధంగా ఉంటుంది. ‘కన్స్యూమబుల్స్’ రైడర్ విడిగా కొన్నవారికి తప్ప ఇవి సొంత ఖర్చే.

రెండోది గది తేడా. రోజుకు 3,000 చొప్పున నాలుగు రోజులకు 12,000.

మూడోది అసలు దెబ్బ. అర్హత ఉన్న గది 5,000, తీసుకున్నది 8,000. అంటే అర్హత 62.5 శాతం. చాలా ఆసుపత్రుల్లో గది తరగతిని బట్టి సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ కూడా పెరుగుతాయి. ఖరీదైన గది ఎంచుకోవడం వల్ల పెరిగిన భారం కంపెనీ మీద పడకూడదన్న ఆలోచనతో, ఆ ఫీజుల్లోనూ 62.5 శాతమే లెక్కిస్తారు. దీన్ని దామాషా కోత అంటారు. 96,000లో 60,000 ఒప్పుకుంటారు, 36,000 పోతుంది. మందులు, సామగ్రి, శరీరంలో అమర్చే ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఐసీయూ ఛార్జీల మీద కూడా వేయకూడదు. కాబట్టి మందుల 30,000, పరీక్షల 14,000 పూర్తిగా నిలుస్తాయి.

ఇప్పటికి ఒప్పుకున్నది: గదికి 20,000, ఫీజులకు 60,000, మందులు, పరీక్షలకు 44,000. మొత్తం 1,24,000. నాలుగో కోత కో-పే. ఆరోగ్య సంజీవనిలో ప్రతి క్లెయిమ్‌లోనూ 5 శాతం పాలసీదారు భరించాలి. అది మొత్తం బిల్లు మీద కాదు, ఒప్పుకున్న మొత్తం మీద. అంటే 6,200. చివరికి కంపెనీ ఇచ్చేది 1,17,800. ఇంటివాళ్లు కట్టుకోవాల్సింది 62,200.

అదే ఆయన నర్సింగ్‌తో కలిపి 5,000లోపు గది తీసుకుని ఉంటే? మిగతా ఫీజులు ఏమాత్రం తగ్గలేదనే అనుకుందాం. కంపెనీ 1,60,000 ఒప్పుకుని, 8,000 కో-పే తీసి, 1,52,000 ఇచ్చేది. జేబులోంచి పోయేది చెల్లించని వస్తువుల 8,000, కో-పే 8,000 కలిపి 16,000. గది అద్దెలో నాలుగు రోజుల తేడా 12,000. కానీ ఆ ఎంపిక వల్ల ఇంటి మీద అదనంగా పడ్డది 46,200. చేరే రోజున ‘నర్సింగ్‌తో కలిపి ఐదు వేలలోపు గది ఏదుంది?’ అని అడిగి ఉంటే ఇంత మొత్తం మిగిలేది. కౌంటర్లో ఉన్నవాళ్లు తమంతట తాము ఈ లెక్క చెప్పాలని ఏ నిబంధనా లేదు. అడగడం మన పనే.

గది పరిమితి ఒక్కటే సబ్‌లిమిట్ కాదు. ఇదే పాలసీలో శుక్లం ఆపరేషన్‌కు ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000, ఏది తక్కువైతే అది. లక్ష రూపాయల పాలసీ ఉన్నవారికి 25,000 దగ్గరే ఆగిపోతుంది. ఖరీదైన మల్టీఫోకల్ లెన్స్ వేయించుకుంటే ఆ తేడా అంతా సొంతం. అంబులెన్స్‌కు 2,000. రోబోటిక్ సర్జరీ, స్టెమ్ సెల్ వంటి కొన్ని ఆధునిక చికిత్సలకు బీమా మొత్తంలో సగం వరకే.

కో-పే ఎక్కడెక్కడ దాక్కుంటుంది

ఐదు శాతం కో-పే పెద్ద బరువు కాదు. వయసు మళ్లిన వారికి అమ్మే పాలసీల్లో 20, 30 శాతం కూడా ఉంటుంది. నాలుగు లక్షల క్లెయిమ్‌లో 30 శాతమంటే 1,20,000 చేతిలో ఉండాలి. తల్లిదండ్రుల పాలసీ ప్రీమియం ఒక కంపెనీ దగ్గర చవగ్గా కనిపిస్తే ముందుగా ఈ శాతం చూడాలి. కొన్ని పాలసీల్లో అది వయసును బట్టి ఉంటుంది, అంటే 60 ఏళ్లు దాటాక పాలసీలో చేరినవారికి మాత్రమే. మరికొన్నింట్లో నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రికి వెళ్తే పడుతుంది.

తెలుగు జిల్లాల వాళ్లు ప్రత్యేకంగా చూడాల్సింది జోన్ కో-పే. కొన్ని కంపెనీలు నగరాలను జోన్లుగా విడదీసి, చిన్న ఊళ్ల వారికి ప్రీమియం తక్కువ పెడతాయి. ఆ ప్రీమియం కట్టినవారు పై జోన్ నగరంలో చికిత్స చేయించుకుంటే 10, 15, 20 శాతం వాటా భరించాలని షరతు ఉంటుంది. పెద్ద జబ్బు చేస్తే శ్రీకాకుళం నుంచి విశాఖకు, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు రావడం మామూలే. అలాంటప్పుడు ఏడాదికి కొద్ది వేలు మిగిల్చిన జోన్ ఎంపిక ఒక్క క్లెయిమ్‌తో తిరగబడుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ తమ పాలసీలో ఏ జోన్‌లో ఉన్నాయో కొనేముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోవడం మంచిది.

డిడక్టబుల్ అన్నది కో-పేకు వరస అయినా వేరు. కో-పే శాతం, బిల్లుతో పాటు పెరుగుతుంది. డిడక్టబుల్ స్థిరమైన మొత్తం, అది దాటాకే కంపెనీ లెక్క మొదలవుతుంది. టాప్-అప్ పాలసీలు కొనేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మినహాయింపులకు నంబర్లున్నాయి

ఒకప్పుడు ఒక్కో కంపెనీ మినహాయింపులను ఒక్కో రకంగా రాసేది. 2019 సెప్టెంబర్‌లో నియంత్రణ సంస్థ ఆ భాషను ప్రామాణికం చేసి, ప్రతి మినహాయింపుకు ఒక కోడ్ ఇచ్చింది. పీడీఎఫ్ తెరిచి Excl అని వెతికితే ఒక్కొక్కటీ దొరుకుతుంది. ముందు చెప్పిన మూడు గడియారాలే Excl01, Excl02, Excl03. అవి కాలంతో తీరిపోతాయి. Excl04 నుంచి ఉన్నవి పాలసీ బతికున్నంత కాలం ఉంటాయి: సౌందర్య చికిత్సలు, 7.5 డయాప్టర్ల కన్నా తక్కువ చూపు లోపానికి లేజర్ ఆపరేషన్, సంతాన చికిత్సలు, మద్యం వ్యసనానికి చికిత్స, ప్రకృతి చికిత్సాలయాలు.

వీటిలో మధ్యతరగతి ఇళ్లకు తరచుగా తగిలేది Excl04. కేవలం పరీక్షల కోసం, జబ్బేమిటో తెలుసుకోవడం కోసం ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వరు. ఛాతీలో బరువుగా ఉందని వెళ్తే ‘ఒక రోజు అడ్మిట్ చేసుకుని అన్ని టెస్టులూ చేద్దాం, ఇన్సూరెన్స్‌లో వచ్చేస్తుంది’ అని అంటుంటారు. పరీక్షలన్నీ మామూలుగా వచ్చి, ఏ చికిత్సా ఇవ్వకుండా పంపేస్తే, ఆ బిల్లు చాలాసార్లు ఈ క్లాజు కింద తిరిగొస్తుంది. చేర్చుకోవాల్సిన అవసరం ఎందుకు వచ్చింది, సెలైన్, ఇంజెక్షన్లు, నిరంతర పరిశీలన వంటివి ఏం జరిగాయి అన్నది డిశ్చార్జ్ సమ్మరీలో స్పష్టంగా ఉండాలి. నిజంగా చికిత్స జరిగినప్పుడు ఆ వివరం రాయమని డాక్టరును అడగడంలో తప్పు లేదు.

అదే జాగ్రత్త కేస్ షీట్ విషయంలోనూ ఉండాలి. ఎమర్జెన్సీలో రోగి వెంట వచ్చిన బంధువును డ్యూటీ డాక్టరు ‘షుగర్ ఎన్నాళ్లుగా ఉంది?’ అని అడుగుతారు. తెలిసీ తెలియక ‘ఏడెనిమిదేళ్ల నుంచి ఉందండీ’ అంటే అది అలాగే కాగితం మీదికి ఎక్కుతుంది. పాలసీ వయసు నాలుగేళ్లు, షుగర్ తెలిసింది రెండేళ్ల కిందటే అయితే ఆ ఒక్క వాక్యం క్లెయిమ్‌ను ఇరికిస్తుంది. రోగి గురించి తెలిసినవాళ్లే జవాబు చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి. తప్పు పడితే మొదటి రిపోర్టు, మొదటి మందుల చీటీ చూపించి ఆసుపత్రిలో ఉండగానే దిద్దించాలి. ఇది అబద్ధం చెప్పడానికి ఉపాయం కాదు. దాచిన పాత జబ్బు పాత రికార్డుల్లో ఎక్కడో దొరుకుతూనే ఉంటుంది.

ఐదేళ్లు, అంటే 60 నెలలు, తెగకుండా పాలసీ నడిపినవారికి ఇంకో రక్షణ ఉంది. ఆ తర్వాత ఏదో విషయం చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిమ్‌ను ప్రశ్నించలేదు, మోసం రుజువు చేస్తే తప్ప. 2024కు ముందు దీనికి ఎనిమిదేళ్లు పట్టేది. అయితే ఈ రక్షణ వచ్చినా సబ్‌లిమిట్లు, కో-పే, శాశ్వత మినహాయింపులు అలాగే ఉంటాయి.

తిరస్కరించినా, తగ్గించినా

2024 మే నెలలో వచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలో, డిశ్చార్జ్ సమయంలో తుది అనుమతి మీద మూడు గంటల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. తిరస్కరిస్తే ఏ క్లాజు కింద తిరస్కరించిందో రాయాలి. ‘పాలసీ నిబంధనల ప్రకారం’ అన్న ఒక్క వాక్యంతో ఉత్తరం వస్తే, క్లాజు నంబరు అడుగుతూ తిరిగి రాయాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పెట్టాలి. బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయవచ్చు. జవాబు సంతృప్తిగా లేకపోయినా, నెల రోజుల్లో జవాబే రాకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వారికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల వరకు వివాదాలు వింటారు. కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాదిలోపు వెళ్లాలి.

మన ఖమ్మం కుటుంబానికి కూడా అడిగే హక్కు ఒకటి మిగిలి ఉంది. దామాషా కోతకు ఆధారం గదిని బట్టి ఫీజులు మారడం. ఏ గదిలో ఉన్నా సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ ఒకేలా తీసుకునే ఆసుపత్రిలో ఆ కోత వేయకూడదని నిబంధనల్లోనే ఉంది. ఆసుపత్రి ధరల పట్టిక నకలు గానీ, ‘గది తరగతిని బట్టి మా ఫీజులు మారవు’ అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన కాగితం గానీ జతచేసి తిరిగి పరిశీలించమని కోరితే, గది తేడా 12,000 రాకపోయినా, ఫీజుల్లో కోసిన 36,000 మీద ఐదు శాతం కో-పే పోగా 34,200 ఆ ఇంటికి తిరిగి రావాలి.